పాత పుస్తకాలు టైపు చేసేటప్పుడు అరసున్నలు, బండి ఱలు తీసేయొచ్చా? మా గ్రంథపాలకురాలి మాటలు, నా తప్పు

కాలువగట్టు · ఆదివారం రాత్రి 9.40

మా ఊరి గ్రంథాలయంలో శని, ఆదివారాలు పాత పుస్తకాలు టైపు చేసే కార్యక్రమం పెట్టారు. స్కాన్ చేసిన పుట తెర మీద ఎడమ పక్కన ఉంటుంది, కుడి పక్కన మనం టైపు చేస్తాం. ఒకరు కొట్టింది ఇంకొకరు సరిచూస్తారు. మొదటి రోజు నేను పదకొండు పుటలు కొట్టాను. అరసున్నలు ఎవరు చదువుతారులే అని అన్నీ వదిలేశాను. ఱ కనబడిన చోటల్లా ర పెట్టాను. మంచి పనే చేశాననుకున్నాను.

ఇవాళ పొద్దున పని మొదలవకముందు మా గ్రంథపాలకురాలు పది నిమిషాలు మాట్లాడారు. పేరు ఎత్తలేదు కానీ అది నా పుటల గురించే. ఫోన్‌లో రికార్డు చేసుకున్నది విని, ఆవిడ మాటల్లోనే ఇక్కడ రాస్తున్నాను.

"అందరికీ నమస్కారం. కాఫీలు తాగారుగా, ఒక పద్యం చూద్దాం. మీ అందరికీ వచ్చిందే."

అని బోర్డు మీద రాశారు:

పలికెడిది భాగవతమఁట
పలికించెడివాఁడు రామభద్రుండఁట నేఁ
బలికిన భవహరమగునఁట
పలికెద వేఱొండు గాథ పలుకఁగ నేలా

"మూడో పాదం చూడండి. మిగతా మూడూ 'పలి'తో మొదలైతే ఇదొక్కటి 'బలి'తో మొదలైంది. ఎందుకు? దాని ముందు మాట 'నేను'. ఆ 'ను' వల్ల పక్కనున్న ప మెత్తబడి బ అయింది. ఆ తర్వాత 'ను' పోయింది. పోతూ పోతూ తన గుర్తుగా 'నే' పక్కన అరసున్నను వదిలి వెళ్లింది. అంటే ఆ చిన్న గీత 'బ'కు సాక్షి అన్నమాట.

నిన్న మన గదిలో ఏం జరిగిందో చెప్తాను. ఒకరు అరసున్న తీసేశారు. 'నే బలికిన' అయింది. సాయంత్రం దాన్ని సరిచూసినవాళ్లకి 'నే బలికిన' అచ్చుతప్పులా కనబడింది. కనబడదూ మరి? వాళ్లు 'నే పలికిన' చేశారు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ తెలుగు వచ్చినవాళ్లే. ఎక్కడా ఒక్క ముక్క రాసిపెట్టలేదు. రెండే అడుగుల్లో పోతన పద్యం మారిపోయింది. నేను స్కాన్ పక్కన పెట్టి చూశాను కాబట్టి తెలిసింది.

నాలుగో పాదం చివర 'నేలా' ఉంది. మనం మాట్లాడేది 'ఏల' అని. కాబట్టి ఎవరికైనా 'నేల' అని దిద్దాలనిపిస్తుంది. దిద్దితే కందం చివర గురువు పోతుంది. ఛందస్సు తెలిసినవాళ్లు వెంటనే పట్టుకుంటారు. కానీ 'నే పలికిన' ఉంది చూశారూ, దాన్ని ఛందస్సు కూడా పట్టుకోలేదు. మాత్రలు సరిపోతాయి, ప్రాస సరిపోతుంది. ఇలాంటి దిద్దుబాటు ఒకసారి లోపలికి వెళితే బయటకి రాదు.

పుస్తకంలో తప్పే ఉండొచ్చు. నేను కాదనను. తప్పనిపిస్తే పక్కన రాయండి, ఎన్నైనా రాయండి. మూలంలో మాత్రం చెయ్యి పెట్టొద్దు. ఈ పుస్తకం కాగితం ఇప్పటికే పెళుసుబారింది. ఇంకో పదేళ్లకి తెరవలేం. అప్పుడు మీరు కొట్టిందే పుస్తకం. నాకు వచ్చిన చదువు కన్నా అచ్చు వేసినవాళ్ల అక్షరమే అందులో ఉండాలి. అంతే, పన్లోకి వెళ్దాం."

ఇదీ సంగతి. నా పదకొండు పుటలూ మళ్లీ కొడుతున్నాను. ఒకటే సందేహం. ఇంత పట్టింపు అవసరమా? చదివేవాడికి వేఱు అయినా వేరు అయినా ఒకటే కదా?

అచ్చుగది · ఆదివారం రాత్రి 10.15

నేను ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఆవిడ చెప్పింది సగమే ఒప్పుకుంటాను. తప్పు కళ్ల ముందు ఉంచి వదిలేయడం మా వృత్తిలో పాపం. పాత పుస్తకాల్లో కంపోజిటర్ చేతి తప్పులు కుప్పలు. గ్రంథము అని పడాల్సింది 'గ్రథంము' అని పడుతుంది. సున్నను ఒక అక్షరం తర్వాత పెట్టాడు, అంతే. దాన్ని కూడా కళ్లకద్దుకుని కాపాడాలా? అరసున్నలు ఉంచండి, కాదనను. కానీ అచ్చుతప్పు అచ్చుతప్పే.

బొబ్బిలి_రాజు · ఆదివారం రాత్రి 10.22

నాదీ ఇదే బాధ. పట్టాదారు పాసుపుస్తకంలో మా నాన్న పేరు తప్పు పడింది. దిద్దమంటే ఉన్నది ఉన్నట్టే ఉంచాలంటున్నారు. ఈ రూలు ఎక్కడుందో ఎవరైనా చెప్తారా?

కాలువగట్టు · ఆదివారం రాత్రి 10.30

రాజు గారూ, ఇది పాత పుస్తకాల టైపింగ్ గురించండి. పాసుపుస్తకం మీ తహసీల్దారు ఆఫీసులోనే తేలాలి. దాన్ని మాత్రం దిద్దించుకోండి 🙂

శకటరేఫం · సోమవారం ఉదయం 6.05

కాలువగట్టూ, వేఱు, వేరు ఒకటేనా అని అడిగావు. చెట్టుకి ఉండేది వేరు. ఇంకొకటి అనే అర్థంలో వేఱు. తినింది అఱుగుతుంది, ఇంటి ముందు అరుగు ఉంటుంది. కూర తఱుగుతాం, కొలత తరుగుతుంది. నాఁడు అంటే రోజు, కాలం. నాడు అంటే దేశం, పల్నాడులో ఉన్నది అదే. ఇవాళ మనం సందర్భాన్ని బట్టి నెట్టుకొస్తున్నాం, బాగానే నడుస్తోంది. నేనూ ఉత్తరాల్లో ఱ రాయను. కానీ పాత కవి ఈ తేడా పాటించాడా లేదా అన్నది మనకి తెలియాల్సిన విషయం. ర, ఱలకు ప్రాస కలపకూడదని లక్షణకారులు గట్టిగా పట్టుబట్టారు. ఫలానా కవి కలిపాడా అని వెతకాలంటే ఆ ఱ టైపులో ఉండాలి కదా. నువ్వు అన్నీ ర చేసేస్తే, కలపనివాడు కూడా కలిపినట్టే కనబడతాడు.

అచ్చుగది గారికి ఒక మాట. 'గ్రథంము' అచ్చుతప్పే, ఎవరూ కాదనరు. మరి 'గ్రంధము' అని థకు బదులు ధ పడితే? అది కంపోజిటర్ తప్పా, ఆ రచయిత అలవాటా? ఒక్క పుట చూసి చెప్పలేం. పుస్తకమంతా చూడాలి. నలభై చోట్ల గ్రంథము ఉండి ఒక్క చోట గ్రంధము ఉంటే చేయి జారిందనుకోవచ్చు. అన్ని చోట్లా ధయే ఉంటే అది ఆ మనిషి రాత. టైపు చేసేవాడి చేతిలో ఉండేది ఒక్క పుటే. అందుకే ఆ తీర్పు అతనికి అప్పగించకూడదు. పైగా అర్థము, అర్ధము లాంటి చోట దిద్దితే మాటే మారిపోతుంది. మొదటిది మనకి తెలియాల్సింది, రెండోది సగం.

సింధు_నల్గొండ · సోమవారం ఉదయం 8.50

మాస్టారు చెప్పింది కరెక్ట్. నేను కంప్యూటర్ వైపు నుంచి చెప్తా. పాత రాతలోంచి కొత్త రాత తీయడం నిమిషం పని:

```
sed -e 's/ఁ//g' -e 's/ఱ/ర/g' \
    -e 's/ౘ/చ/g' -e 's/ౙ/జ/g' mula.txt > nedu.txt
```

mula.txt ముట్టుకోం. అరసున్న, బండి ఱ ఇష్టం లేనోళ్లు nedu.txt చదువుకుంటారు. గుఱ్ఱము కూడా గుర్రము అయిపోతది. కానీ ఉల్టా చేయమంటే నా వల్ల కాదు. nedu.txtలో 'వేరు' అని ఉంటే అది చెట్టు వేరా, వేఱా? ప్రతిచోటా మనిషి కూర్చుని చదవాలె. అందుకే మూలం ఒక్కసారి సరిగ్గా కొడితే చాలు.

ఇంకొకటి. మొన్న కాలువగట్టు చేసిన పని ఎవరు చేసినా దొరికిపోతరు. పుటకొక ఫైలు ఉంటే ఇది నడపండి:

```
grep -o 'ఁ' puta_041.txt | wc -l
```

ముందు పుటలో ముప్పై, వెనక పుటలో ఇరవై ఎనిమిది వచ్చి మధ్య పుటలో సున్నా వస్తే, అక్కడ ఎవరో సాఫు చేసిన్రు. ఱకు కూడా ఇట్లనే లెక్కపెట్టొచ్చు. దిద్దినోళ్లని తిట్టడానికి కాదు, ఏ పుట మళ్లీ చూడాలో తెలవడానికి.

డల్లాస్_పిన్ని · సోమవారం ఉదయం 9.30

నేను ఇక్కడ ఆదివారం బడిలో పిల్లలకి తెలుగు చెప్తాను. వాళ్లకి ర పలకడమే కష్టంగా ఉంది, అరసున్న చూపిస్తే ఇదేంటి చంద్రుడా అన్నాడొకడు. పాత కథల పుస్తకాలు టైపు చేసి పెడితే సంతోషమే కానీ మాలాంటి వాళ్లు వాడుకోలేకపోతే ఎవరి కోసం? పండితుల కోసమేనా? సింధు చెప్పిన రెండో ఫైలు నిజంగా ఎవరైనా చేసి పెడతారా, లేక మాటలకేనా?

సింధు_నల్గొండ · సోమవారం ఉదయం 10.10

పిన్నీ, చేసి పెడతా. కానీ నిజం చెప్పాలి కదా, అది అంత బాగుండదు. నేను రాసిన కమాండ్ 'నేఁ బలికిన'ను 'నే బలికిన' చేస్తది. అరసున్న పోయింది, బ మిగిలింది. పిల్లలకి అదీ వింతగానే ఉంటది. దాన్ని 'నే పలికిన' చేయాలంటే వ్యాకరణం తెలిసిన మనిషి కూర్చోవాలె. వచనానికి బాగానే పనిచేస్తది, పద్యానికి నాకు దారి తెలవదు.

ముత్తాతకాగితం · సోమవారం మధ్యాహ్నం 1.20

పద్యాలూ అవీ నాకు అంతగా తెలియవు. మా ఇంట్లో ముత్తాత రాయించిన భూమి కాగితం ఉంది. మా తమ్ముడు దాన్ని టైపు చేసి వాట్సాప్‌లో అందరికీ పంపాడు. అందులో 'ఈ ఊరు ఉత్తరపు దిక్కున ఉన్న ఇల్లు' అని ఉంది. అసలు కాగితం తీసి చూస్తే 'యీ వూరు వుత్తరపు దిక్కున వున్న యిల్లు' అని రాసుంది. అర్థం ఏమీ మారలేదు. కానీ మా నాయనమ్మ అచ్చం అలాగే మాట్లాడేది. వూరు, వొక్కటి, యిల్లు. టైపు చేసిన దాంట్లో ఆవిడ గొంతు పోయింది. మావాడు మాత్రం 'తప్పులు తీసేశాను, థాంక్స్ చెప్పు' అంటున్నాడు.

శకటరేఫం · సోమవారం సాయంత్రం 5.45

అమ్మా, మీ తమ్ముడు తీసేసినవి తప్పులు కావు. మెకంజీ దొర సేకరించిన ఊళ్ల చరిత్రల్లో, అంటే కైఫీయత్తుల్లో, ఊళ్ల కరణాలు రాసిన రాత చూడండి, యిందుకు, వుండేది, వొక అనే ఉంటాయి. వాళ్లు చెవికి వినిపించింది రాశారు. ఇది వాడుక భాష చరిత్రకి చాలా ముఖ్యం. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం వాదించినప్పుడు ఊరికే మాటలు చెప్పలేదు. పాత రాతల్లోంచి, వ్యాఖ్యానాల్లోంచి వాక్యాలు ఏరి, చూడండి మనవాళ్లు ఇలా రాశారు అని చూపించారు. వాటిని ఎత్తి రాసినవాళ్లంతా 'తప్పులు తీసేసి' ఉంటే ఆయన చేతిలో ఏం ఉండేది?

మీ కాగితం విషయంలో ఇంకొకటి. అందులో ఊరి పేరు, మనుషుల పేర్లు ఎలా రాశారో అలాగే ఉంచండి. ఇవాళ్టి రికార్డుల్లో అదే ఊరు వేరేగా రాసి ఉండొచ్చు. రెండూ ఒకటే అని నిర్ధారించుకోవాలంటే పాత రూపం కావాలి.

వేటూరిపాలెం_శ్రీను · సోమవారం రాత్రి 8.15

అయితే ఒక చిక్కు. మా దగ్గర ఉన్న పాత పుస్తకంలో ధర్మము అని లేదు, 'ధమ౯ము' అని ఉంది. మ తర్వాత తొమ్మిది అంకె లాంటిది. ఉన్నది ఉన్నట్టు అంటే అక్కడ తొమ్మిది కొట్టాల్సిందే కదా? నేను అలాగే కొట్టుకుంటూ వచ్చాను, నాలుగు వందల పుటల్లో సగం అయింది. మూలానికి నేనే విధేయుణ్ణి అనుకుంటున్నాను.

శకటరేఫం · సోమవారం రాత్రి 9.00

అయ్యో శ్రీనూ, ఆగు ఆగు. అది అంకె కాదు, వలపలగిలక. మ కన్నా ముందు పలకాల్సిన ర్‌ను మ పక్కన కుడివైపున ఆ ఆకారంలో రాసేవారు. అక్షరం ర్ అనేదే, రూపం మాత్రం వేరు. కొత్త అచ్చులో క్రావడి రూపం మారినా మనం క్ర అనే కొడతాం కదా, ఇదీ అంతే. 'ర్మ' అని కొడితే నువ్వు స్పెల్లింగు దిద్దినట్టు కాదు.

అదే పుస్తకంలో 'ధర్మ్మము' అని మ రెండుసార్లు పడి ఉంటే మాత్రం ముట్టుకోకు. ర తర్వాత హల్లును రెండుసార్లు రాయడం పాత అలవాటు, పూర్వ్వము, కర్త్త అని. అది అక్షరాల లెక్క. అక్షరం రూపం ఒకటి, రాత అలవాటు ఒకటి. ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం గొడవలు.

సింధు_నల్గొండ · సోమవారం రాత్రి 9.25

శ్రీను అన్నా, తొమ్మిది కొడితే ఇంకో నష్టం. రేపు ఎవరైనా 'ధర్మము' అని వెతికితే మీ పుస్తకం దొరకదు. పైగా అసలైన ౯లు, అంటే పుట సంఖ్యలు, పద్య సంఖ్యలు, వీటితో కలిసిపోతయ్. గంపగుత్తగా మార్చేద్దామంటే కుదరదు. పాత ఆకారమే కనబడాలంటే యూనికోడ్‌లో దారి ఉంది. ర, పొల్లు, తర్వాత U+200D, తర్వాత మ. ఫాంటు సహకరిస్తే వలపలగిలకగానే కనబడతది, వెతికే సాఫ్ట్‌వేర్ ఆ U+200Dను పట్టించుకోకుంటే 'ధర్మము' అని వెతికినా దొరుకుతది.

వేటూరిపాలెం_శ్రీను · సోమవారం రాత్రి 9.50

కొట్టి చూశాను. నా ఫాంటులో మామూలు ర్మ లాగే వచ్చింది. సరే, రెండు వందల పుటలు మళ్లీ చూడాలి. మా ఆవిడకి ఎవరు చెప్తారు?

అచ్చుగది · మంగళవారం ఉదయం 7.10

శకటరేఫం గారి లెక్క బాగుంది. నలభైలో ఒకటి అయితే చేతి తప్పు, అన్నీ అయితే అలవాటు. మేమూ ప్రెస్సులో అలాగే చూసేవాళ్లం, కాకపోతే మాకు రచయిత పక్కనే ఉండేవాడు, అడిగేవాళ్లం. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు. సరే, మూలంలో ముట్టుకోం. మరి 'గ్రథంము' కనబడినప్పుడు పక్కన రాయమన్నారు, ఆ పక్కన అంటే ఎక్కడ? పెన్సిల్ గుర్తులు లేవు కదా ఇక్కడ.

సింధు_నల్గొండ · మంగళవారం ఉదయం 8.40

పెన్సిల్ గుర్తులు ఉన్నయ్ తాతగారూ. టీఈఐ అనే పద్ధతిలో ఇట్ల రాస్తరు:

```
<choice><sic>గ్రథంము</sic><corr>గ్రంథము</corr></choice>
<choice><orig>వేఱొండు</orig><reg>వేరొండు</reg></choice>
```

మొదటి వరుస అచ్చుతప్పుకి. రెండోది తప్పు కాదు, పాత రాత, ఇవాళ్టి రూపం పక్కన పెట్టినం. ఏది చూపించాలో చదివేటోళ్లు ఎంచుకోవచ్చు. డల్లాస్ పిన్ని అడిగింది కూడా ఇదే. పద్యానికి నాకు దారి తెలవదన్న కదా, ఇట్ల అయితే 'నేఁ బలికిన' పక్కన 'నే పలికిన' అని మాస్టారు లాంటోళ్లు చేత్తో రాయొచ్చు, మూలం చెడదు. ఇంత కష్టం వద్దంటే విడిగా ఒక కాగితం పెట్టుకోండి. పుట, వరుస, ఉన్నది, ఉండాల్సిందని అనిపించేది. నాలుగు గడులు చాలు.

అచ్చుగది · మంగళవారం ఉదయం 9.05

నాలుగు గడులా! అంటే తప్పొప్పుల పట్టిక. పుస్తకం చివర మేమే వేసేవాళ్లం. ఆ మాట ముందే చెప్తే ఇంత వాదన ఉండేది కాదు కదా.

అన్నట్టు దాని మీదే ఒక ప్రశ్న. చాలా పాత పుస్తకాల్లో ఆ పట్టిక పుస్తకంలోనే ఉంటుంది. 'పుట 12, పంక్తి 5, ఇలా చదువుకొనవలెను' అని ప్రకాశకుడే చెప్పాడు. మరి దాని ప్రకారం 12వ పుట దిద్దొచ్చా? రచయిత అనుమతి ఉన్నట్టే కదా.

శకటరేఫం · మంగళవారం ఉదయం 11.30

నా మటుకు నేను దిద్దను. 12వ పుటలో తప్పు రూపాన్నే ఉంచి, పట్టికను పట్టికగా టైపు చేసి, సింధు చెప్పిన గుర్తుతో రెంటినీ కలుపుతాను. దిద్దేశావంటే పట్టిక చదివినవాడు 12వ పుట తెరిచి, ఇక్కడ తప్పేమీ లేదే అని బుర్ర గోక్కుంటాడు. కానీ దీని మీద నా స్నేహితులే నాతో ఒప్పుకోరు. రచయిత మాటే దిద్దమని చెప్తుంటే కాదనడానికి నువ్వెవరు అంటారు. వాళ్ల మాటలోనూ పస ఉంది.

డల్లాస్_పిన్ని · మంగళవారం మధ్యాహ్నం 12.15

ఆ ఎంచుకునే పద్ధతి అయితే నేను ఒప్పుకుంటాను. పిల్లలకి ఒకటి, నాకు ఒకటి. మాస్టారూ, ఒక చిన్న మాట. మా అమ్మ నేర్పిన పద్యంలో నాలుగో పాదం 'గాథ బలుకఁగ నేలా' అని బ ఉంటుంది. పైన 'పలుకఁగ' అని ప ఉంది. ఏది ఒప్పు?

శకటరేఫం · మంగళవారం సాయంత్రం 6.20

రెండూ విన్నాను తల్లీ. కాబట్టి ఆ గ్రంథాలయం వాళ్ల స్కాన్‌లో ఏది ఉంటే అదే కొట్టాలి, నీకో నాకో నోటికి వచ్చింది కాదు. కాలువగట్టూ, స్కాన్ చూసి చెప్పు. ఆవిడ బోర్డు మీద గుర్తున్నది రాశారా, పుస్తకంలోది రాశారా?

కాలువగట్టు · బుధవారం రాత్రి 10.05

సాయంత్రం వెళ్లి చూశాను మాస్టారూ. స్కాన్‌లో ఆ పాదం సరిగ్గా మడత మీద పడింది. 'గాథ' తర్వాత అక్షరం సగమే కనబడుతోంది. ప అనుకుంటే ప, బ అనుకుంటే బ. మేడమ్‌ని అడిగితే నవ్వి, బోర్డు మీద నోటికి వచ్చింది రాశాను, నేనూ దొరికిపోయాను అన్నారు. అసలు పుస్తకం బీరువాలోంచి తీయించారు. మడత దగ్గర విప్పబోతే అంచు రాలుతోంది, ఇక ఆపేయమన్నారు. ప్రస్తుతానికి ఆ అక్షరం చోట చదరపు బ్రాకెట్టులో ప్రశ్నార్థకం పెట్టి, పక్కన 'మడతలో పోయింది, ప లేక బ' అని రాశాను. వెలుతురు పక్క నుంచి వేసి ఇంకోసారి ఫొటో తీస్తారట, శనివారం.

నా పదకొండు పుటల్లో తొమ్మిది అయ్యాయి. సింధు చెప్పిన లెక్క నడిపాను. మొదట అన్నిట్లోనూ సున్నా, ఇప్పుడు పుటకి పాతిక పైనే వస్తున్నాయి. ఒక్క పుటలో మాత్రం నాలుగే వచ్చాయి. మళ్లీ ఏమైనా వదిలేశానేమో అని రెండుసార్లు చూశాను. తర్వాత తెలిసింది, అందులో సగం పుట బొమ్మ.